ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మీద కాదు, బ్రేకుల మీద బెంగ పెట్టుకో

తమ్ముడూ, ఎస్.కోట నుంచి అరకు ఘాట్ బైకు మీద ఎన్నోసార్లు ఎక్కి దిగినవాడివి. ఇప్పుడు అద్దెకారులో వెళ్లబోతున్న కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ రోడ్డు మలుపులూ నీకు కొత్తేం కాదు. నీకు కొత్తది ఆటోమేటిక్ కారు. గేరు డీలో పడేసి, బ్రేకు మీద కాలు ఆనించి దిగిపోతాం. కొత్తలో నేనూ అదే చేసి ప్యాడ్లూ డిస్కులూ కలిపి మార్పించాను. తప్పించుకోగలిగిన ఖర్చది.

కింది గేరులో ఇంజిను గట్టిగా అరిస్తే పెట్రోలు తాగేస్తుందని నీ భయం. జరిగేది దానికి రివర్సు. యాక్సిలరేటరు వదిలేసి గేరులో దిగుతుంటే చక్రాలే ఇంజినును తిప్పుతాయి, ఈ కాలపు కార్లలో ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిను తిరగడానికి పెట్రోలు పోతుంది, పైగా పట్టూ పోతుంది.

దిగుడు మొదలయ్యే ముందే గేరు తగ్గించు. లివరు మీద ఎల్, 2, ఎస్ లాంటివి ఉంటాయి, టొయోటా హైబ్రిడ్‌లో అయితే బీ. కాలు తీసినా వేగం పెరుగుతుంటే ఇంకో గేరు దించు. ఆర్‌పీఎం ముల్లు మూడు, నాలుగు వేల దగ్గర ఉన్నా కంగారు పడకు, ఎర్ర గీత తాకకపోతే చాలు. అప్పటికీ బ్రేకు కావాలి. 30 మైళ్లు దాటబోతుంటే గట్టిగా మూడు సెకన్లు నొక్కి 25కి దించు, కాలు పూర్తిగా తీసెయ్. ఆ విరామంలోనే డిస్కు చల్లారేది. ఆనించి ఉంచితే ఆ విరామమే ఉండదు.

కాలిన వాసన వచ్చి, పెడలు గట్టిగానే ఉన్నా కారు ఆగడం లేదంటే ప్యాడ్లు వేడెక్కాయి. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంటే బ్రేకు ఆయిలు మరిగి బుడగలు కట్టింది. ఇది మరీ ప్రమాదం. డాట్ 3 ఆయిలు కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాడు ముందు ఆయిలు మార్పించాలి, డిస్కుల కంటే చాలా చవక. పైక్స్ పీక్ దిగుదారిలో గ్లెన్ కోవ్ అనే చోట బ్రేకుల వేడి కొలుస్తారు, ఎక్కువుంటే చల్లారేదాకా ఆపేస్తారు. మరీ వేడి డిస్కు మీద నీళ్లు పొయ్యకు, వంకర తిరుగుతుంది.

ఇరుకు దారిలో ఎదురుగా బండి వస్తే దిగేవాడే ఆగాలి. మన దేశంలోనూ కొలరాడోలోనూ రూలు ఒకటే, వివరాలు చూసుకో. లోడుతో ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడం కష్టం. వెనక్కి దిగాల్సి వస్తే బరువంతా కిందికే లాగుతుంది. దిగే నువ్వు వెనక్కి ఎక్కితే బండి నీ అదుపులో ఉంటుంది. ఎక్కేవాడి వెనకాలే, నాలుగడుగుల్లో, పక్కకు తప్పుకునే చోటు ఉంటే మాత్రం అతనే జరగడం మేలు. అద్దం దించి చెయ్యి చూపించి తేల్చుకో. అద్దెకారు అంచు రాయికి గీసుకుంటే ఆ బిల్లు నీకే వస్తుంది.