నారి, వింటి చివరను ఎప్పుడు వదులుతుందో చూడండి

ప్రశ్న: రెండు విల్లులూ ఒకే పొడవు. పూర్తిగా లాగితే రెండూ ఒకే బరువు. అయినా తిన్నగా ఉండే లాంగ్‌బో కంటే రికర్వ్‌లో ఎక్కువ శక్తి నిలవ ఉంటుందంటారు. చివర్లు ముందుకు వంచినంత మాత్రాన ఆ అదనపు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

మీ భుజం నుంచే వస్తుంది. వింట్లో ఉండేదంతా మనం లాగి పెట్టిందే. రికర్వ్ మీ చేత మొదటి నుంచీ గట్టిగా పని చేయించుకుంటుంది. లాంగ్‌బో మాత్రం మొదట్లో మెత్తగా ఉండి, చివర్లో ఒక్కసారిగా బిగుసుకుంటుంది. చివరి అంగుళం దగ్గర రెండూ ఒకే బరువు చూపించవచ్చు. కానీ అక్కడిదాకా వచ్చిన దారి వేరు. నిలవ ఉండే శక్తి ఆ దారి మొత్తం మీద లెక్క కట్టాల్సినది.

నేను విజయవాడలో వెదురు విల్లుతో మొదలుపెట్టినవాణ్ణి. మన దగ్గర ఇండియన్ రౌండ్ వేసే పిల్లలు పట్టుకునేది అదే, తిన్నని వెదురు బద్ద. తర్వాత చెక్క రికర్వ్‌కు మారాను. మారిన రోజు నాకు బాగా గుర్తుంది. నారి రెండు మూడు అంగుళాలు లాగేసరికే చేతికి బరువు తగిలింది, "ఇది నా వల్ల కాదేమో" అనుకున్నాను. తీరా గడ్డం దాకా లాగేసరికి అనుకున్నంత కష్టం లేదు. వెదురు విల్లుకు ఇది సరిగ్గా తలకిందులు. మొదట సులువుగా వచ్చి, చివర గోడకు తగిలినట్టు ఆగిపోయేది. ఈ తేడా ఏమిటని అప్పట్లో కోచింగ్‌లో అడిగితే "వంకర చివర అదనపు స్ప్రింగు" అని చెప్పారు. ఇప్పటికీ అందరూ అదే చెబుతారు. ఆ మాటతో నాకు చాలా పేచీ ఉంది.

ఎందుకంటే టర్కీ, మంగోల్ విల్లులు చూడండి. వాటి చివర ముక్క కర్రలా బిగుసుగా ఉంటుంది, ఎంత లాగినా వంగదు. వంగని ముక్క స్ప్రింగు ఎలా అవుతుంది? అయినా ఆ విల్లులు అద్భుతంగా శక్తిని పట్టి ఉంచుతాయి. అంటే అసలు సంగతి చివర వంగడంలో లేదు. నారి వింటిని ఎక్కడ పట్టుకుంది, ఏ కోణంలో లాగుతోంది అన్నదాంట్లో ఉంది. ఇప్పటి రికర్వ్‌లలో చివర కూడా కొంచెం విచ్చుకుంటుంది, కాదనను. కానీ ప్రధాన కారణం అది కాదు.

పోయిన సంక్రాంతికి మా బావమరిది వచ్చినప్పుడు ఈ లెక్క తేల్చేయాలని కూర్చున్నాం. నా దగ్గర 66 అంగుళాల చెక్క రికర్వ్ ఉంది. అంతే పొడవున్న, పలకలు అతికించి చేసిన తిన్నటి లాంగ్‌బో కూడా ఉంది. పిడి నుంచి నారి 28 అంగుళాల దూరం వచ్చేసరికి రెండూ దాదాపు 16 కిలోలు లాగుతాయి. వరండా దూలానికి ఒక మేకు కొట్టి, దానికి విల్లును పిడి దగ్గర తగిలించాం. నారికి ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే డిజిటల్ త్రాసు కట్టి, నేను కిందికి లాగడం, అతను గోడ మీద పెన్సిలు గీతల దగ్గర అంకె చదవడం. పిడి నుంచి నారికి దూరం మొదట్లో రెండింటికీ 8 అంగుళాలే పెట్టాం. లాంగ్‌బోకు అది కాస్త ఎక్కువే, కానీ పోలిక సమంగా ఉండాలి కదా.

మొదటి గంట వృథా అయింది. 28 దగ్గర పట్టుకుని నేను కబుర్లు చెబుతుంటే, "బావా, పదహారు ఉన్నది పదిహేనున్నరకు దిగింది" అన్నాడు. చెక్కను లాగి పట్టి ఉంచితే అలసిపోతుంది, బరువు జారుతుంది. నారిని వెనక్కి వదులుతూ చదివినా అంకెలు తక్కువే వస్తాయి. అందుకని ప్రతి గీత దగ్గరా ఒక్క క్షణం ఆగి, చదివి, కిందికే పోతూ మళ్లీ మొదలుపెట్టాం. ఎవరైనా ఇంట్లో కొలిస్తే ఈ రెండు జాగ్రత్తలూ పాటించండి, లేకపోతే లాంగ్‌బోకు అన్యాయం జరుగుతుంది.

లాంగ్‌బో 12 అంగుళాల దగ్గర 3 కిలోలు చూపించింది. తర్వాత 16 దగ్గర 5.9, 20 దగ్గర 8.9, 24 దగ్గర 12.2, చివరికి 28 దగ్గర 16. అవే గీతల దగ్గర రికర్వ్ అంకెలు 4.2, 7.3, 10.1, 12.9, 16. మొదటి నాలుగు అంగుళాల్లోనే రికర్వ్ ఒక కిలోకు పైగా ముందుంది. చివరి నాలుగు అంగుళాలకు లాంగ్‌బో 3.8 కిలోలు పెరిగితే, రికర్వ్ 3.1 మాత్రమే పెరిగింది. గోడకు తగిలినట్టు అనిపించేది ఇదే. విలుకాళ్లు దీన్ని స్టాకింగ్ అంటారు.

శక్తి అంటే ఈ బరువుల గీత కింద ఉన్న వైశాల్యం. చదరపు గళ్ల కాగితం మీద గీసి గళ్లు లెక్కపెట్టుకున్నా చాలు. నాలుగేసి అంగుళాల ముక్కలుగా కూడితే లాంగ్‌బోకు 152 కిలో-అంగుళాలు, రికర్వ్‌కు 170 వచ్చాయి. జౌళ్లలో చెప్పాలంటే దాదాపు 38, 42. బరువు సున్నా నుంచి 16 దాకా తిన్నటి గీతలా పెరిగి ఉంటే 160 రావాలి. లాంగ్‌బో గీత దాని కంటే కిందికి కుంగింది, రికర్వ్ గీత దాని పైకి ఉబ్బింది. పొడవూ అదే, చివరి బరువూ అదే, తేడా మాత్రం దాదాపు 12 శాతం.

ఇప్పుడు ఎందుకు అన్నది. దీనికి త్రాసు కూడా అక్కర్లేదు, వార్తాపత్రిక ముక్క చాలు. రికర్వ్‌కు నారి ఎక్కించాక చివర చూడండి. నారి కొసలో ముడి దగ్గర మాత్రమే కాక, దాని ముందు రెండు మూడు అంగుళాల దూరం లింబ్ మీదే, అంటే వింట్లో పిడికి పైనా కిందా వంగే భాగం మీదే, ఆనుకుని ఉంటుంది. ఆ సందులో కాగితం ముక్క పెట్టాం. అది బిగుసుకుని నిలిచింది. నేను నెమ్మదిగా లాగుతూ పోతే, 14 అంగుళాలు దాటాక ముక్క జారి మా బావమరిది పాదాల మీద పడింది. అంతదాకా ఆ విల్లు నిజానికి 66 అంగుళాల విల్లు కాదు. నారి ఆనిన చోటి నుంచి మాత్రమే వింటిని లాగుతోంది, అంటే కురచ విల్లు. కురచ మీట కాబట్టి లింబ్‌ను వంచడానికి నారిలో ఎక్కువ బిగువు కావాలి. అందుకే మొదట్లోనే చేతికి బరువు తగులుతుంది. నారి లేచి కొస దాకా విడిపోయాక మీట పొడవవుతుంది, బరువు నిదానంగా పెరుగుతుంది. గేర్ల సైకిలు మీద బయలుదేరేటప్పుడు బరువు గేరు, పోనుపోను తేలిక గేరు వేసినట్టు. లాంగ్‌బోకు ఇలాంటి మార్పే లేదు. నారి మొదటి నుంచీ చివరి దాకా కొసనే పట్టుకుని ఉంటుంది.

రెండోది కోణం. తలుపుకు తాడు కట్టి లాగండి. తాడు తలుపుకు అడ్డంగా, లంబకోణంలో ఉంటే తలుపు సులువుగా తిరుగుతుంది. తాడు తలుపు పొడవునా కీళ్లకు దూరంగా లాగుతుంటే ఎంత బలం పెట్టినా కదలదు. లాంగ్‌బోను బాగా లాగినప్పుడు కొస వెనక్కి వచ్చేసి, నారికీ లింబ్‌కూ మధ్య కోణం లంబకోణం దాటడానికి సిద్ధంగా ఉంటుంది. అక్కడి నుంచి మీరు లాగే బలంలో అంతకంతకూ ఎక్కువ భాగం లింబ్‌ను వంచడానికి కాక, దాన్ని పొడవునా సాగదీయడానికి పోతుంది. రికర్వ్ కొస ముందుకు తిరిగి మొదలవుతుంది కాబట్టి, అదే 28 అంగుళాల దగ్గర ఆ కోణం ఇంకా తక్కువగానే ఉంటుంది. అందుకే స్టాకింగ్ ఆలస్యంగా వస్తుంది.

మీ ప్రశ్నలో "ఒకే పొడవు" అన్నమాట అందుకే కీలకం. ఇంగ్లిష్ వాళ్లు కోణం సమస్యకు వేరే పరిష్కారం ఎంచుకున్నారు: విల్లును పొడుగు చేశారు. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ ఓడలో దొరికిన లాంగ్‌బోలు దాదాపు రెండు మీటర్ల పొడవున్నాయి. అంత పొడవుంటే చేతి నిండా లాగినా కొస దగ్గర కోణం పెద్దగా తెరుచుకోదు. గుర్రం మీద ఎక్కేవాడికి అంత పొడవు కుదరదు. అందుకే టర్కీ వాళ్ల కొమ్ము, స్నాయువు, చెక్క కలిపిన విల్లులు చాలావరకు నాలుగడుగులు కూడా ఉండవు, చివర్లు మాత్రం బాగా ముందుకు తిరిగి ఉంటాయి.

అయితే 12 శాతం శక్తి అంటే 12 శాతం వేగం కాదు. వేగం వర్గమూలం ప్రకారం పెరుగుతుంది. అదే బాణానికి, అదే సామర్థ్యంతో వదిలితే, దాదాపు 6 శాతం వస్తుంది. ఆ 6 శాతమైనా రావాలంటే కొసలు తేలికగా ఉండాలి. వంకర చివర కాస్త బరువైతే నారి వదిలిన శక్తిలో కొంత ఆ చివరను ముందుకు ఊపడానికే ఖర్చయిపోతుంది. బాగా చెక్కిన సన్న కొసల లాంగ్‌బో, మొద్దు కొసల రికర్వ్‌తో సమానంగా వేయడం నేను కళ్లారా చూశాను.

నా కోపం అమ్మేవాళ్ల మీద. ఒక దుకాణంలో నేను రికర్వ్ కొన్నప్పుడు లింబ్ మీద రాసిన పౌండ్లే చూపించి, "ఇదీ అదీ ఒకటే సార్, ఏదైనా తీసుకోండి" అన్నారు. ఆ అంకె 28 అంగుళాల దగ్గరి ఒక్క బిందువే. దారి గురించి అది ఏమీ చెప్పదు. ఇంకో బాధ, నారి ఎక్కించే తాడు లేకుండా కాలు దూర్చి రికర్వ్ ఎక్కించే అలవాటు. దాని వల్ల ఒక పిల్లవాడి విల్లుకు లింబ్ మెలి తిరిగిపోయింది. తిన్నటి బద్ద అయితే తట్టుకుంటుంది, వంకర కొస తట్టుకోదు. ఎక్కించాక వెనక నుంచి చూస్తే నారి రెండు లింబ్‌ల మీదా నడిమి గాడిలోనే పడాలి. ఒక పక్కకు పోతుంటే లాగకండి, ఆ కొస నుంచి నారి జారితే ముఖం మీదికే వస్తుంది.

మీ దగ్గర రెండు విల్లులూ ఉంటే ముందు కాగితం ముక్కతో చూడండి. మీ రికర్వ్‌లో అది 10 అంగుళాల దగ్గరే పడిపోతే చివర వంపు తక్కువని అర్థం, నాకు వచ్చినంత తేడా మీకు రాదు.