మా టీమ్‌లో అమ్మాయితో ప్రేమ... హెచ్‌ఆర్‌కు చెప్పాలా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. వయసు 33. నా టీమ్‌లోనే పనిచేసే 26 ఏళ్ల అమ్మాయి, నేను అయిదు నెలలుగా ఒకరినొకరు ఇష్టపడుతున్నాం. ఇద్దరికీ పెళ్లి కాలేదు, ఎవరి బలవంతమూ లేదు. ఇలాంటి సంబంధం ఉంటే తెలియజేయాలని మా కంపెనీ కోడ్ ఆఫ్ కాండక్ట్‌లో ఉంది. వచ్చే నెల అప్రైజల్. చెబితే ఆమెను వేరే ప్రాజెక్టుకు పంపేస్తారని భయం. చెప్పకపోతే నేరమా? రేపు మా మధ్య చెడితే నా మీద ఫిర్యాదు చెయ్యొచ్చా?

జవాబు: చెప్పకపోవడం నేరం కాదు. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు మేజర్లు ప్రేమించుకోకూడదని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. కానీ ఉద్యోగంలో చేరిన రోజు ఆ కోడ్ ఆఫ్ కాండక్ట్ కింద మీరు సంతకం పెట్టారు, లేదా కంప్యూటర్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కారు. ఆ రోజు నుంచి అది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందంలో భాగం. దాన్ని దాటితే పోలీసులు రారు గానీ, క్రమశిక్షణ చర్య వస్తుంది. అప్పుడు షోకాజ్ నోటీసులో ప్రేమ మాట ఉండదు, దాచిన మాట ఉంటుంది. 2019 నవంబరులో మెక్‌డొనాల్డ్స్ సీఈవో స్టీవ్ ఈస్టర్‌బ్రూక్ పదవి పోయింది ఇలాంటి విషయంలోనే. ఆ సంబంధం ఇద్దరి ఇష్టంతో జరిగిందేనని బోర్డే చెప్పింది. అయినా పాలసీని ఉల్లంఘించారని తీసేసింది.

మీ విషయంలో అసలు చిక్కు ప్రేమలో లేదు, అప్రైజల్ ఫారంలో ఉంది. వచ్చే నెల ఆమె రేటింగ్ గడిలో అంకె వెయ్యాల్సింది మీరు. ఆమె నిజంగానే బాగా పనిచేసి ఉండొచ్చు, మీరు 5కి 4 వేస్తారు. అదే టీమ్‌లో 3 వచ్చినవాళ్లకు రేపు విషయం తెలిస్తే, ఆ 4 ఎలా వచ్చిందని అడుగుతారు. మీ దగ్గర ఎన్ని లెక్కలున్నా నమ్మరు. పోనీ, అనుమానం రాకూడదని మీరే తగ్గించి 3 వేశారనుకోండి. అది ఆమెకు అన్యాయం. పైగా ఆ తర్వాత మీరు విడిపోతే, ఆ 3 కక్షతో వేసినట్టు కనబడుతుంది. మీరు పెన్ను పట్టుకున్నంతకాలం ఏ అంకె వేసినా తప్పుగానే మిగులుతుంది. సెలవు మంజూరు, ఆన్‌సైట్‌కు పేరు పంపడం, శనివారం ఎవరు రావాలో చెప్పడం, వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

ఇక ‘బలవంతం లేదు’ అన్న మాట. మీరు నిజమే చెబుతూ ఉండొచ్చు. కానీ పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013, అందరూ పోష్ చట్టం అనేది, బలవంతం ఉందా అని మాత్రమే చూడదు. సెక్షన్ 2(ఎన్)లో అది వాడిన కొలమానం ‘ఆమెకు ఇష్టంలేని’ ప్రవర్తన. కాదనలేక ఒప్పుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. జీతం పెంపు మీ చేతిలో ఉన్నప్పుడు ‘సాయంత్రం కాఫీకి వెళ్దామా’ అన్న మాట, అదే హోదాలో ఉన్న సహోద్యోగి అడిగితే ఉన్నంత తేలిగ్గా ఉండదు. కాదంటే ఏమవుతుందో అన్న లెక్క ఆమె మనసులో నడుస్తుంది. అందుకే పై హోదాలో ఉన్నవాళ్లు ఒక్కసారే అడగాలి. పని వేళల్లో కాదు, టూర్లో కాదు, అర్ధరాత్రి మెసేజ్‌లో అసలే కాదు. ‘చూద్దాం సార్’ అన్నా, మాట మార్చినా, జవాబు రాకపోయినా దాన్ని ‘వద్దు’ అనే తీసుకోవాలి. మీ విషయంలో ఆ దశ దాటిపోయింది. కానీ అప్పుడు ఎలా అడిగారో, ఆమె ఏమన్నదో రేపు విచారణ జరిగితే మొదటి ప్రశ్న అదే.

ఆ చట్టం సెక్షన్ 3(2) మీరు ఒకసారి నిదానంగా చదవాలి. లైంగిక ప్రవర్తనకు ముడిపడి ఉద్యోగంలో మేలు చేస్తానన్న మాట, కీడు చేస్తానన్న బెదిరింపు, ఉద్యోగం ఉంటుందో లేదో అన్న బెదిరింపు, పనికి అడ్డుపడటం, అవమానించడం, ఇవన్నీ వేధింపు కిందకు వస్తాయి. పైకి అననక్కర్లేదు, సూచనగా ఉన్నా చాలు. ‘నేనున్నాగా, ఈసారి ప్రమోషన్ నీదే’ అని మీరు ప్రేమగా రాసిన వాట్సాప్ మెసేజ్ ఒకటి ఉందనుకోండి. ఈ రోజు అది ముద్దుమాట. బంధం చెడిన రోజు అదే మెసేజ్, ఆఫీసులో ఇలాంటి ఫిర్యాదులు విచారించే కమిటీ ముందు ప్రింట్ తీసి పెట్టిన కాగితం. దీనికితోడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 69 ఉంది. ఉద్యోగమో ప్రమోషనో ఇప్పిస్తానని ఆశచూపి, లేదా నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల వరకు జైలు. మొదటి రోజు నుంచే ఆ మాట మోసమని తేలాలి. నిజాయితీగా ప్రేమించి తర్వాత పెళ్లి కుదరకపోవడం దీని కిందకు రాదు. అయినా ఆ తేడా తేలేలోపు చాలా కాలం గడిచిపోతుంది.

చెడితే ఫిర్యాదు చెయ్యొచ్చా అని అడిగారు. విడిపోయినంత మాత్రాన వేధింపు కాదు. విడిపోయాక మీరు ఏం చేశారన్నదే ప్రశ్న. ఒక ఉదాహరణ వేసుకుందాం. జూన్ 10న ఆమె ‘ఇక వద్దు’ అన్నది. ఆ తర్వాత మీరు మాట్లాడమంటూ రోజూ మెసేజ్‌లు పెట్టారు, రెండుసార్లు ఆఫీసు క్యాబ్‌లో పక్కన కూర్చుని నిలదీశారు, ఆగస్టులో ఆమెను ముఖ్యమైన మాడ్యూల్ నుంచి తప్పించారు, సెప్టెంబరు 2న చివరి మెసేజ్ పెట్టారు. ఫిర్యాదుకు గడువు 3 నెలలు. వరుసగా జరిగిన ఘటనలైతే చివరిదాని నుంచి లెక్క. అంటే డిసెంబరు 2 వరకు ఆమె ఫిర్యాదు చెయ్యొచ్చు. తగిన కారణం ఉంటే కమిటీ ఆ కారణం రాసి, ఇంకో 3 నెలల వరకు పొడిగించొచ్చు. క్యాబ్ ఆఫీసు కాదు కదా అనడానికి లేదు, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా చట్టం దృష్టిలో పని ప్రదేశమే. ‘అయిదు నెలలు ఇష్టపడే ఉన్నాం కదా’ అన్న వాదన జూన్ 10కి ముందు కాలానికే పనికొస్తుంది. నిన్నటి ఇష్టం ఇవాళ్టికి అనుమతి కాదు.

పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, ఆఫీసుల్లో ఐసీ అంటారు. అధ్యక్షత సీనియర్ ఉద్యోగినిది, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లో మీకు ప్రతి పంపుతారు, మీరు 10 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. అక్కడ మీ తరఫున లాయర్ వాదించడానికి వీల్లేదు, మీరే మాట్లాడుకోవాలి. విచారణ సాగుతుండగానే ఆమె కోరితే కమిటీ ఆమెను లేదా మిమ్మల్ని బదిలీ చెయ్యమనొచ్చు, ఆమె పనితీరు నివేదిక మీరు రాయకుండా ఆపమనొచ్చు. గమనించండి, చట్టం విచారణలో తీసేసుకునే ఆ పెన్నునే మీరు ఇప్పుడు మీ అంతట మీరు ఇచ్చేస్తే ఈ గొడవలో సగం పుట్టదు. ఆమె ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. కావాలని, దురుద్దేశంతో చేసిందని విచారణలో తేలితే తప్ప ఆమెపై చర్య ఉండదు. కాబట్టి ‘అబద్ధపు కేసు పెడితే?’ అన్న భయంతో ఆమె మెసేజ్‌లు దాచుకుంటూ కూర్చోవడం కంటే, దాపరికం లేకుండా చేసుకోవడం మేలు. ఇక మెసేజ్‌లు చెరిపేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఇద్దరి మధ్య నిజంగా ఇష్టం ఉండేదని చూపేవీ అవే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు ఆమెతో మాట్లాడండి. ఆమెకు తెలియకుండా ఆమె పేరు హెచ్‌ఆర్‌కు రాయకండి, అది ఆమె వ్యక్తిగత విషయం కూడా. ‘నేను చెప్పబోతున్నాను’ అనకండి. ‘చెప్పడం మంచిదనుకుంటున్నాను, నీకేమైనా అభ్యంతరమా’ అని అడగండి. ఆమె వద్దంటే, ఆమె పేరు చెప్పకుండానే మీరు రిపోర్టింగ్ మార్పు అడగొచ్చు, లేదా మీరే టీమ్ మారొచ్చు. ఆమె ఒప్పుకుంటే మెయిల్ హెచ్‌ఆర్‌కూ మీ పై మేనేజరుకూ పంపండి. అందులో నాలుగు విషయాలు చాలు:

‘నా టీమ్‌లోని ఫలానా ఉద్యోగినికీ నాకూ ఫలానా నెల నుంచి ఇష్టపూర్వక వ్యక్తిగత సంబంధం ఉంది. కోడ్ ఆఫ్ కాండక్ట్ ప్రకారం తెలియజేస్తున్నాను. ఈ తేదీ నుంచి ఆమె అప్రైజల్, సెలవులు, పని కేటాయింపులో నా పాత్ర ఉండకుండా వేరొకరికి అప్పగించమని కోరుతున్నాను. ఎవరినైనా టీమ్ మార్చాల్సి వస్తే, నన్ను మార్చండి.’

ఈ చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది, తీయకండి. మీరు భయపడుతున్నది కరెక్టే. సాధారణంగా ఇలాంటప్పుడు కదిలిపోయేది కింద ఉన్న అమ్మాయే, ఎందుకంటే లీడ్‌ను మార్చడం కంపెనీకి ఎక్కువ పని. ఏడాదిగా పట్టుకున్న ప్రాజెక్టు పోతుంది, కొత్తచోట మళ్లీ మొదటినుంచి. ఆమె తప్పేమీ చేయకపోయినా ఆమె వెనకబడిపోతుంది. అది జరగకుండా ఆపగలిగింది ముందుగా మీరే. ఆమె మారక తప్పదని కంపెనీ అంటే, జీతం, హోదా, ఇప్పటిదాకా చేసిన పనికి రేటింగ్ తగ్గకుండా రాతపూర్వకంగా తీసుకోమని ఆమెకు చెప్పండి. మెయిల్ సంబంధం ఉందన్నంత వరకే. ఎక్కడ కలుస్తారు, ఎంత దూరం వెళ్లారు లాంటి వివరాలు అడిగే హక్కు హెచ్‌ఆర్‌కు లేదు, మీరు రాయనూ అక్కర్లేదు.

మెయిల్‌ను అప్రైజల్ విండో తెరుచుకోకముందే పంపండి, కనీసం రెండు వారాల ముందు. రేటింగ్ నమోదయ్యాక పంపితే, దాచి ఉంచి వేశారన్న మాట మిగిలిపోతుంది. హెచ్‌ఆర్ నోటిమాటగా ‘సరే, చూసుకుందాం’ అంటే, ‘మన సంభాషణ ప్రకారం’ అంటూ ఆ రోజే చిన్న మెయిల్ పెట్టి, జవాబు వచ్చేవరకు ఆమె ఫారం ముట్టుకోకండి. గడువు దాటినా, మీ పై మేనేజరు నుంచి ఎవరికి అప్పగించారో రాతపూర్వకంగా అందేదాకా ఆగండి.