లాడ్‌బజార్‌లో వీడియో తీసే ముందు

చిరంజీవి కిరణ్‌కి, మీ పెదనాన్న ఆశీస్సులు.

రంజాన్ రాత్రుల్లో లాడ్‌బజార్ లక్క గాజుల మీద వీడియో తీస్తానని రాశావు. చార్మినార్ లోపల కూడా తీయాలనుకుంటే ఒకటి గుర్తుంచుకో. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం, ట్రైపాడ్ పెట్టాలన్నా, షూటింగ్ చేయాలన్నా ముందే వాళ్ల అనుమతి ఉండాలి. డ్రోన్ ఆలోచన మానుకో.

బజార్‌లో మాత్రం నీకు కావలసింది మనుషుల అనుమతి. గాజులు చేసేది చూపించాలంటే రాత్రి వద్దు, గిరాకీ మొదలుకాక ముందే పొద్దున వెళ్లు. దుకాణం ఓనర్ సరే అన్నంత మాత్రాన బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క సాగదీసే పనివాడు కూడా ఒప్పుకున్నట్టు కాదు. అతన్ని విడిగా అడుగు. వీడియో ఎక్కడ పెడతావో, ముఖం కనిపిస్తుందో లేదో చెప్పు. ముఖం వద్దంటే చేతులే తియ్యి. వేడి లక్క మీద ఒక్కో రాయి అద్దుతుంటే ఆ వేళ్ల కన్నా చూడదగ్గది ఏముంది? పిల్లలుంటే తల్లిదండ్రులు ఒప్పుకోనిదే కెమెరా తిప్పకు.

గాజుల దుకాణంలో అసలు చిక్కు అద్దాలతో. నువ్వు కస్టమర్ల వెనక నిలబడి వీపులే తీస్తున్నాననుకుంటావు, ఎదురుగా ఉన్న అద్దంలో వాళ్ల ముఖాలు స్పష్టంగా పడతాయి. గాజులు వేసుకుని చూసుకోవడానికి నఖాబ్ ఎత్తిన ఆమె కూడా పడవచ్చు. అందుకే కెమెరా ఆన్ చేసే ముందు ఫ్రేమ్‌లోని ప్రతి అద్దాన్నీ చూడు. కౌంటర్ మీది పేమెంట్ కోడ్ స్టిక్కర్, బిల్లు పుస్తకంలోని ఫోన్ నంబర్లు కూడా పడకూడదు. పక్కన ఎవరో పెళ్లి ఖర్చులు మాట్లాడుకుంటుంటే ఆ ఆడియో తీసేసి, కుంపటి చప్పుడు విడిగా రికార్డు చేసుకో.

బయట ఉన్నంత మాత్రాన మనిషికి ప్రైవసీ పోదని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పులోనే ఉంది. కాబట్టి ఎవరైనా వద్దంటే వాదన పెట్టుకోకు. ముందు కెమెరా కిందికి దించు, తర్వాత మాట్లాడు. ఆ క్లిప్ వాళ్ల ముందే డిలీట్ చెయ్యి. ఫోన్‌లో తీసేసింది ఇంకా బిన్‌లో ఉంటుంది, అక్కడ కూడా ఖాళీ చేసి చూపించు.

రాత్రి జనం కావాలంటే ఎవరినైనా అడిగి మేడ మీదకెక్కి వైడ్‌గా తియ్యి. ముఖాలు చిన్నవైపోతాయి, దీపాల వరస బాగా వస్తుంది. కింద సందులోకి బైకులు కూడా దూరుతుంటాయి కాబట్టి స్క్రీన్ చూస్తూ వెనక్కి నడవకు. ఒక ఫ్రెండ్‌ను వెంట తీసుకెళ్లి, నీ భుజం మీద చెయ్యి వేసి దారి చూడమను. ట్రైపాడ్ వద్దు, నడిచేవాళ్ల కాళ్లకు తగులుతుంది. ఫోన్‌కు మణికట్టు తాడు కట్టుకో, బ్యాగు ముందుకు వేసుకో.

ఎడిటింగ్ అయ్యాక అప్‌లోడ్ చేసే ముందు ఆ ఓనర్‌కూ పనివాడికీ పంపించు. తీసేయమన్న ముక్క తీసేసి, మళ్లీ ఒకసారి అద్దాలున్న షాట్లు ఆపి ఆపి చూసుకో.

మీ పెదనాన్న