స్పాన్సర్‌షిప్ లేఖ: ఎవరికి రాయాలి, ఏమిస్తామనాలి, ఎంత అడగాలి

ప్రశ్న: నేను కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా విభాగం విద్యార్థి సంఘం తరఫున ఫిబ్రవరిలో రెండు రోజుల టెక్ ఫెస్ట్ జరుపుతున్నాం. ప్లాటినం, గోల్డ్, సిల్వర్ ప్యాకేజీలతో బ్రోషర్ తయారుచేసి చాలా పెద్ద కంపెనీలకు మెయిల్ చేశాం. ఒక్కరూ జవాబివ్వలేదు. లేఖ ఎలా రాయాలి? సీఎస్‌ఆర్ నిధుల నుంచి ఇవ్వమని అడగవచ్చా?

జవాబు: సీఎస్‌ఆర్ సంగతి ముందుగా తేల్చుకుందాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు తమ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. సీఎస్‌ఆర్ అంటే ఈ ఖర్చే. అయితే తమ ఉత్పత్తులకో సేవలకో ప్రచారం వచ్చేలా స్పాన్సర్‌షిప్ రూపంలో పెట్టే ఖర్చు సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదని 2021లో సవరించిన నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. లోగో వేస్తాం, స్టాల్ ఇస్తాం అని రాసిన లేఖ సీఎస్‌ఆర్ విభాగానికి వెళితే దాన్ని పక్కన పెట్టడం తప్ప వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. మీరు అడుగుతున్నది విరాళం కాదు, ప్రచార ఖర్చు. కాబట్టి అది మార్కెటింగ్ బాధ్యత చూసే వ్యక్తికే చేరాలి.

ఆ వ్యక్తి ఏ కంపెనీలో ఉన్నారన్నది తరువాతి ప్రశ్న. బెంగళూరులోనో ముంబయిలోనో ప్రధాన కార్యాలయం ఉన్న సంస్థ సాధారణ మెయిల్ చిరునామాకు పంపిన బ్రోషర్‌ను చదివే బాధ్యత ఎవరికీ ఉండదు. మీ విద్యార్థులు ఇప్పటికే ఎవరి దగ్గర కొంటున్నారో ఒకసారి రాసి చూడండి. ప్రాజెక్టులకు బోర్డులు, సెన్సర్లు అమ్మే దుకాణం, పీసీబీలు చేసి ఇచ్చే చిన్న సంస్థ, గేట్ శిక్షణ కేంద్రం, ల్యాప్‌టాప్ డీలరు, విద్యా రుణాలిచ్చే బ్యాంకు శాఖ వంటివి ఆ జాబితాలో ఉంటాయి. కాకినాడ, రాజమండ్రి, విశాఖ, విజయవాడల్లో ఉన్న ఇలాంటి పది సంస్థలకు విడివిడిగా రాసిన పది లేఖలు, వంద సంస్థలకు పంపిన ఒకే బ్రోషర్ కంటే ఎక్కువ పని చేస్తాయి.

లేఖలో మొదటి విషయం ప్రేక్షకులు. ఇక్కడే చాలా సంఘాలు నమ్మకం పోగొట్టుకుంటాయి. నాలుగు వందల మంది పట్టే ఆడిటోరియంలో జరిగే కార్యక్రమానికి ‘ఐదు వేల మంది వస్తారు’ అని రాస్తే, అవతలి వారు ‘పోయిన ఏడాది రిజిస్ట్రేషన్లు ఎన్ని?’ అని ఒక్క మాట అడుగుతారు, అంతటితో సంభాషణ ముగుస్తుంది. పోయిన ఏడాది రిజిస్ట్రేషన్ షీటు తెరిచి, మొత్తం ఎందరు, అందులో ఏ సంవత్సరం వారు, ఏ బ్రాంచి వారు, ఎన్ని బయటి కళాశాలల నుంచి వచ్చారన్నది లెక్కగట్టండి. ఆ లెక్కలో కూడా మీరు రాస్తున్న కంపెనీకి పనికొచ్చే భాగాన్నే ముందు పెట్టండి. గేట్ శిక్షణ కేంద్రానికి మూడు, నాలుగు సంవత్సరాల విద్యార్థులే ముఖ్యం, మొదటి ఏడాది వారి సంఖ్య ఎంత పెద్దదైనా ఆ కేంద్రానికి ప్రయోజనం లేదు. విడిభాగాల దుకాణానికి రెండో ఏడాది వారు కూడా కొనుగోలుదారులే.

ఉదాహరణకు, అలాంటి దుకాణానికే రాస్తున్నారనుకుందాం. పోయిన ఏడాది 620 మంది నమోదు చేసుకోగా, వారిలో 410 మంది ఈసీఈ, ట్రిపుల్‌ఈ విద్యార్థులని అనుకుందాం. ఈసారి మీరు 80 మందికి ఎంబెడెడ్ సిస్టమ్స్ వర్క్‌షాప్ పెడుతున్నారు. ఇద్దరికి ఒక కిట్ చొప్పున 40 కిట్లు కావాలి, ఒక్కోదాని ధర రూ.1,250, అంటే మొత్తం రూ.50,000. అప్పుడు లేఖ నడిమి భాగం ఇలా ఉండవచ్చు. కంపెనీకి ఇంగ్లీషులో రాసినా మాటల వరస ఇదే:

‘ఫిబ్రవరిలో మా ఫెస్ట్‌లో 80 మంది ఈసీఈ, ట్రిపుల్‌ఈ విద్యార్థులు ఒక రోజంతా మైక్రోకంట్రోలర్ కిట్లతో పని చేస్తారు. ఈ వర్క్‌షాప్‌ను మీ సంస్థ పేరుతో నిర్వహించేందుకు రూ.50,000 ఇవ్వవలసిందిగా, లేదా అదే విలువకు 40 కిట్లు సమకూర్చవలసిందిగా కోరుతున్నాం. ఇందుకు ప్రతిగా మీ ఇంజినీరుకు వర్క్‌షాప్‌లో ఒక గంట, రెండు రోజులపాటు రిజిస్ట్రేషన్ కౌంటర్ పక్కన స్టాల్, సర్టిఫికెట్లపై మీ లోగో ఇస్తాం. కార్యక్రమం ముగిసిన పది రోజుల్లో హాజరు వివరాలు, ఫోటోలతో నివేదిక పంపుతాం. కిట్ల ఆర్డరు జనవరి 10లోగా పెట్టవలసి ఉన్నందున జనవరి 5లోగా మీ నిర్ణయం తెలియజేయగలరు.’

ఈ భాగంలో మొత్తం ఎంతో, అది దేనికో, ఎప్పటిలోగా కావాలో ఒకే చోట ఉన్నాయి. మీ బ్రోషర్‌లో మూడు ప్యాకేజీలు పెట్టడం వల్ల ఎంత ఇవ్వాలన్న ఆలోచన చదివేవారి మీదే పడింది. పైగా అలా ఇచ్చినప్పుడు చాలామంది ఎంచుకునేది అన్నింటికంటే తక్కువదాన్నే. వేలమంది వచ్చే పెద్ద ఫెస్ట్‌లకు ప్యాకేజీలు సరిపోతాయేమో గానీ, విభాగం స్థాయి కార్యక్రమానికి ఒక కంపెనీని ఒకే మొత్తం అడగడం మేలని నా అభిప్రాయం. ‘మీకు తోచినంత సాయం’ అన్న మాటకు లేఖలో చోటివ్వకండి. ఆ మాట చూసిన మేనేజరు పైఅధికారికి ఏ అంకె చూపి అనుమతి తీసుకోవాలి?

ప్రయోజనాల విషయంలో ఒక హెచ్చరిక. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా శిక్షణ కేంద్రాలు, స్టాల్ కంటే విద్యార్థుల ఫోన్ నంబర్లే అడుగుతాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇలాంటి పంపకానికి సమ్మతినే ఆధారంగా పెట్టింది. రిజిస్ట్రేషన్ ఫారంలో ‘ఫలానా సంస్థ నన్ను సంప్రదించవచ్చు’ అని విడిగా ఒక గడి పెట్టి, ముందుగా టిక్ చేయకుండా వదలండి. టిక్ చేసినవారి వివరాలు మాత్రమే ఇస్తామని లేఖలోనే రాయండి. సంఖ్య తగ్గుతుంది, కానీ ఆసక్తి ఉన్నవారే మిగులుతారు కాబట్టి కంపెనీకి ఆ జాబితాయే ఎక్కువ ఉపయోగం.

డబ్బు ఏ ఖాతాకు రావాలన్నది చివర్లో చెబుతున్నా, ఒప్పుకున్న కంపెనీ కూడా వెనక్కి తగ్గేది ఇక్కడే. కోశాధికారి సొంత యూపీఐ నంబరు ఇస్తే ఏ అకౌంట్స్ విభాగమూ చెల్లించదు. లేఖ కళాశాల లెటర్‌హెడ్‌పై, విభాగాధిపతి లేదా ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ సంతకంతో వెళ్లాలి. కళాశాల ఖాతా వివరాలు, పాన్, రద్దు చేసిన చెక్కు ప్రతి సిద్ధంగా ఉంచుకోండి. స్పాన్సర్‌షిప్‌పై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కళాశాలను ట్రస్టు గానీ సొసైటీ గానీ నడుపుతుంటే, సాధారణంగా రివర్స్ చార్జ్ పద్ధతిలో ఆ పన్నును కంపెనీయే నేరుగా కడుతుంది. అంటే మీ రూ.50,000 వారికి రూ.59,000 ఖర్చుగా కనిపించవచ్చు. కంపెనీ టీడీఎస్ మినహాయిస్తే మీ చేతికి కాస్త తక్కువ రావచ్చు. ఈ రెండింటి గురించి లేఖ పంపేముందే మీ కళాశాల అకౌంట్స్ కార్యాలయంలో కనుక్కోండి.

కార్యక్రమానికి కనీసం ఎనిమిది వారాల ముందు లేఖ చేరాలి. కొత్త సంస్థకు చెల్లించాలంటే వెండర్ నమోదు, అనుమతి, బిల్లు అన్నీ దాటాలి. మెయిల్ పంపిన ఐదు పనిదినాల తరువాత ఒకసారి ఫోన్ చేసి, ‘లేఖ ఎవరి దగ్గర ఉంది?’ అని మర్యాదగా అడగండి. పైన చెప్పిన విడిభాగాల దుకాణం వారు ‘పాతిక వేలయితే ఇస్తాం’ అన్నారనుకోండి, వెంటనే సరేనని అన్నీ ఇచ్చేయకండి. ఇరవై కిట్లు, స్టాల్, సర్టిఫికెట్లపై లోగో ఉంచి, వర్క్‌షాప్‌కు వారి పేరు, వారి ఇంజినీరుకిచ్చిన గంట తీసేస్తామని చెప్పండి. మిగిలిన ఇరవై కిట్లకు, ఆ పేరుకు మరో కంపెనీని అడిగే వీలు అప్పుడు మీకు మిగులుతుంది. మాట కుదిరిన రోజే ఈ మార్పులన్నీ మెయిల్‌లో రాసి, వారి అంగీకారం కూడా మెయిల్‌లోనే తీసుకోండి.