బంగారం తాకట్టు: 47 రోజులకు వడ్డీ ఎంత?

గుంటూరులో బంగారం తాకట్టు పెట్టి జూన్ 10న 80,000 తీసుకున్నాను. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. జూలై 27న విడిపిస్తే వడ్డీ ఎంతవుతుంది?

రోజుల లెక్కన అయితే 1,880 రూపాయలు. 80,000కి నెల వడ్డీ 1,200. దాన్ని 30తో భాగిస్తే రోజుకు 40, అలా 47 రోజులకు 1,880. అసలుతో కలిపి 81,880 కట్టాలి.

అయితే షాపులో ఇంతే అడుగుతారని అనుకోకండి. చాలాచోట్ల నెల దాటి కొన్ని రోజులైనా పూర్తి నెల కిందే వేస్తారు. అప్పుడు మీది రెండు నెలలు, అంటే 2,400. ఈ 17 రోజులకే అదనంగా 520 పోతుంది! ఇచ్చిన రోజు, విడిపించిన రోజు రెండూ లెక్కేస్తే 48 రోజులు, 1,920 అవుతుంది. ఇది చిన్న తేడాయే, దీనికి గొడవ అనవసరం.

అదే బ్యాంకు ఏడాదికి 18 శాతం చొప్పున 365 రోజులకు లెక్కగడితే సుమారు 1,854 వస్తుంది. నెలకు రూపాయిన్నర అన్నా ఏడాదికి 18 శాతం అన్నా రేటు ఒకటే, భాగించే రోజుల్లోనే తేడా.

పూర్తి నెల పద్ధతైతే జూలై 10 లోపే విడిపించుకోవడం మేలు. అది దాటాక ఆగస్టు 9 దాకా ఎప్పుడు వెళ్లినా అదే 2,400. రసీదు మీద రోజుల లెక్కో, నెలల లెక్కో రాయించుకోండి.