ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో వైవా ఎంత, మిగతా మార్కులు ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదు శివార్లలో జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో బి.టెక్ మొదటి సంవత్సరం చదువుతోంది, ఆర్‌22 రెగ్యులేషన్. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇంటర్నల్ 40కి 26 వచ్చాయి. వచ్చే వారం ఎక్స్‌టర్నల్. వైవాలో నోరు పెగలదు, ఫెయిలైపోతానంటోంది. అసలు ఈ పరీక్ష ఎలా పెడతారు, మార్కులు ఎవరు వేస్తారు, తక్కువ వేస్తే రీవాల్యుయేషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వైవా ఒక్కదాని వల్ల మీ అమ్మాయి ఫెయిల్ కాదు. ఆర్‌22 నిబంధనల ప్రకారం ల్యాబ్ మొత్తం 100 మార్కులకు ఉంటుంది. అందులో 40 ఇంటర్నల్, 60 ఎక్స్‌టర్నల్. పాస్ కావడానికి ఎక్స్‌టర్నల్‌లో 60కి 21, రెండూ కలిపి 100కి 40 రావాలి. ఇంటర్నల్‌లో 14 వస్తే చాలు, ఆమెకు 26 ఉన్నాయి కనుక ఆ గడప దాటినట్లే. ఇక తేలవలసింది ఎక్స్‌టర్నల్‌లో ఆ 21 సంగతి. ఆ 60 మార్కుల్లో వైవాకు కేటాయించినవి 10 మాత్రమే.

మిగతా 50 ఎక్కడ పడతాయో తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. ప్రయోగం ఉద్దేశం, సూత్రం, విధానం, పట్టికలు రాసి ఇచ్చే రైటప్‌కు 10, ప్రయోగం చేయడానికి 15, వచ్చిన ఫలితాన్ని విశ్లేషించడానికి 15. ఇవి పోగా అదే ల్యాబ్‌లోని వేరొక ప్రయోగం గురించి వివరించడానికి మరో 10. ఈ చివరి పది మార్కుల సంగతి చాలామంది విద్యార్థులకు పరీక్ష గదిలో అడిగేదాకా తెలియదు. చీటీలో వచ్చిన ప్రయోగాన్ని చక్కగా చేసి, "ఇంకొక ప్రయోగం గురించి చెప్పమ్మా" అనగానే బిగుసుకుపోయేవారిని నేను తరచుగా చూస్తుంటాను. అంటే నోటితో చెప్పవలసినది నిజానికి 20 మార్కులకు ఉంది, కానీ అందులో సగానికి ఇంట్లోనే పూర్తిగా సిద్ధం కావచ్చు.

తేదీల విషయం. ప్రాక్టికల్స్ ఏ తేదీ నుంచి ఏ తేదీ లోపల పూర్తి చేయాలో విశ్వవిద్యాలయం చెబుతుంది. ఆ వ్యవధిలో ఏ బ్యాచ్ ఏ పూట రావాలో కళాశాల పరీక్షల విభాగం రోల్ నంబర్ల వరుసలో నోటీసు బోర్డులో పెడుతుంది. పరీక్ష మూడు గంటలు. ల్యాబ్‌లో సామగ్రి ఎందరికి సరిపోతుందో అంతమందినే ఒక బ్యాచ్‌గా తీసుకుంటారు కనుక ఒకే సెక్షన్‌లో కొందరికి ఉదయం, కొందరికి మధ్యాహ్నం పడుతుంది. తన బ్యాచ్ పూట తప్పిన విద్యార్థిని మరో బ్యాచ్‌లో కూర్చోబెట్టడం పూర్తిగా కళాశాల, ఎగ్జామినర్ల చేతిలో ఉంటుంది, హక్కుగా అడగలేము. అందుచేత నోటీసును స్నేహితురాలు పంపిన ఫొటోలో కాకుండా ఆమె స్వయంగా చూసుకోవడం మంచిది, ఎందుకంటే బ్యాచ్‌లు చివరి రోజు కూడా మారుతుంటాయి.

మార్కులు వేసేది ఇద్దరు. ఒకరు ఏడాదంతా ఆ ల్యాబ్ చెప్పిన మీ కళాశాల అధ్యాపకులు, రెండవవారు విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం వేరే కళాశాల నుంచి నియమించిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. పిల్లలకు ఎక్స్‌టర్నల్ అంటే తప్పులు పట్టుకోవడానికి వచ్చిన మనిషి అనిపిస్తుంది. ఆయన స్థానం నుంచి చూడండి: ఒక పూటలో ఇరవై మందికి పైగా విద్యార్థులను ఆయన చూడాలి, ఒక్కొక్కరితో మాట్లాడడానికి నాలుగైదు నిమిషాలకు మించి దొరకదు. అందుకే ఆయన ప్రశ్నలు ఎక్కడి నుంచో ఊడిపడవు. చేతిలో ఉన్న రైటప్‌ను, రికార్డును తిరగేస్తూ, అందులో రాసినదాని మీదే అడుగుతారు. రికార్డులో విద్యార్థి ఏం రాసిందో అదే ఆమెకు ప్రశ్నపత్రం అనుకోవచ్చు.

ఒక ప్రయోగం తీసుకుని మొత్తం ఎలా నడుస్తుందో చెబుతాను. మీ అమ్మాయికి చీటీలో నీటి కాఠిన్యాన్ని ఇ.డి.టి.ఎ. పద్ధతిలో కనుగొనే ప్రయోగం వచ్చిందనుకుందాం. మొదటి అరగంటలో రైటప్ రాసి ఇంటర్నల్ ఎగ్జామినర్‌కు చూపించాలి. దాని మీద సంతకం పడిన తరువాతనే సాధారణంగా సామగ్రి ముట్టుకోనిస్తారు. తరువాత 20 మిల్లీలీటర్ల నీటి నమూనాను పిపెట్‌తో కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ కలిసిన బఫర్ ద్రావణం పోసి, ఎరియోక్రోమ్ బ్లాక్-టి సూచిక రెండు చుక్కలు వేస్తే ద్రావణం ద్రాక్షసారా ఎరుపుకు తిరుగుతుంది. బ్యూరెట్‌లోని 0.01 మోలార్ ఇ.డి.టి.ఎ.ను పోస్తూ వెళితే ఆ ఎరుపు ఊదాలోకి జారి, చివరకు నీలమవుతుంది. మార్కులు పోయే చోటు ఈ ఊదా దశే. తొందరలో ఉన్న విద్యార్థి ఊదా కనిపించగానే ఆపేస్తుంది, లేదా ఒక్కసారిగా పోసి నీలం దాటిపోతుంది. నీలం దాటాక ఎంత పోసినా రంగు మారదు కనుక ఎంత దాటిందో ఫ్లాస్కు చూసి చెప్పలేము. ఊదా మొదలవగానే చుక్క చుక్కగా పోస్తూ, ప్రతి చుక్క తరువాత ఫ్లాస్కును తిప్పి కాసేపు ఆగి చూడాలి. ఫ్లాస్కు కింద తెల్ల కాగితమో తెల్ల పింగాణీ పలకో ఉంచితే ఎరుపు జాడ పూర్తిగా పోయిందో లేదో స్పష్టంగా కనిపిస్తుంది.

మూడు రీడింగులు 6.8, 6.2, 6.2 వచ్చాయనుకోండి. మొదటిది దాటిపోయిన రీడింగు అని మిగతా రెండూ చెబుతున్నాయి. లెక్కకు 6.2 తీసుకోవాలి, కానీ పట్టికలో 6.8ను కొట్టివేయకుండా అలాగే ఉంచాలి. కాఠిన్యం లెక్క ఇది: 6.2 × 0.01 × 100 × 1000 ÷ 20 = 310, అంటే కాల్షియం కార్బొనేట్ రూపంలో లీటరుకు 310 మిల్లీగ్రాములు. 0.01 మోలార్ ఇ.డి.టి.ఎ. ఒక మిల్లీలీటరు ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానమని గుర్తుంటే, 20 మిల్లీలీటర్లలో 6.2 మిల్లీగ్రాములు, లీటరుకు దానికి యాభై రెట్లు అని నోటితోనే సరిచూసుకోవచ్చు. ఇక 6.8 మీద లెక్క వేస్తే 340 వస్తుంది, అసలు విలువ కంటే దాదాపు పది శాతం ఎక్కువ. నమూనాను ల్యాబ్‌లోనే తయారు చేస్తారు కాబట్టి అసలు విలువ ఎగ్జామినర్లకు తెలిసే ఉంటుంది. పక్క బల్ల మీద చూసి రీడింగులు దిద్దినవారు ఇక్కడ తేలిగ్గా దొరికిపోతారు. ఇద్దరికి వేర్వేరు నమూనాలు ఇచ్చి ఉండవచ్చు, పైగా మూడు రీడింగులూ ఒకే పెన్నుతో ఒకేసారి రాసిన పట్టిక చూడగానే తెలిసిపోతుంది.

విశ్లేషణకు ఉన్న 15 మార్కుల్లో ఎంత తేడాకు ఎంత కోయాలో నిబంధనల్లో పట్టిక లేదు. అది ఎగ్జామినర్ల విచక్షణ. ఫలితం తప్పినా ఎందుకు తప్పిందో చెప్పగలిగిన విద్యార్థికి, సరైన సంఖ్య రాసి అది ఎలా వచ్చిందో చెప్పలేని విద్యార్థి కంటే ఎక్కువ వేయడం మామూలే, నా ఉద్దేశంలో అది న్యాయం కూడా. ప్రమాణం రాయకపోవడం, ఏ లవణం రూపంలో లెక్కించారో చెప్పకపోవడం వంటి చిన్న లోపాలకు మాత్రం దయ తక్కువ.

ఈ ప్రయోగం మీద వైవాలో దాదాపు తప్పక వచ్చే ప్రశ్న, బఫర్ ఎందుకు అన్నది. పీహెచ్ దాదాపు 10 దగ్గర నిలవాలి. అంతకంటే బాగా తగ్గితే మెగ్నీషియంతో ఇ.డి.టి.ఎ. గట్టిగా కలవదు, బాగా పెరిగితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ రూపంలో అడుగున పడిపోతుంది. ఇంత చెబితే చాలు. తరువాతి ప్రశ్న తాత్కాలిక, శాశ్వత కాఠిన్యాల తేడా, వాటిని విడివిడిగా ఎలా కొలుస్తారన్నది. నీటిని మరిగించి, వడకట్టి, మళ్లీ టైట్రేషన్ చేస్తే మిగిలినది శాశ్వత కాఠిన్యం. తెలియని ప్రశ్న వస్తే "తెలియదు సర్" అని వెంటనే చెప్పడం మేలు. ఉన్న నాలుగు నిమిషాల్లో రెండు నిమిషాలు మౌనంగా గడిస్తే, తెలిసిన ప్రశ్న వచ్చే అవకాశం కూడా పోతుంది.

రెండవ ప్రయోగం వివరణకు నేనైతే కండక్టోమెట్రీని ఎంచుకోమంటాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ పోస్తుంటే వాహకత మొదట తగ్గి తరువాత పెరుగుతుంది. వేగంగా కదిలే హైడ్రోజన్ అయాన్ల స్థానంలో మెల్లగా కదిలే సోడియం అయాన్లు రావడం తగ్గుదలకు కారణం, ఆమ్లం అయిపోయాక మిగిలే హైడ్రాక్సైడ్ అయాన్లు పెరుగుదలకు కారణం. గ్రాఫు గీసి, రెండు గీతలు కలిసే చోటును చూపిస్తూ చెబితే మాటలకు తడుముకోవలసిన పని ఉండదు. నోరు పెగలని పిల్లలకు చేతిలో గీయడానికి ఒక బొమ్మ ఉండడం పెద్ద ఆసరా. అయితే ఏ ప్రయోగమో ఎగ్జామినరే చెప్పే చోట్లూ ఉన్నాయి కనుక మిగతావాటి సూత్రాలైనా ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు మార్కులు కూడి చూడండి. రైటప్‌కు 8, ప్రయోగానికి 11, విశ్లేషణకు 8, రెండవ ప్రయోగానికి 6, వైవాకు 5 వస్తే ఎక్స్‌టర్నల్ 38, ఇంటర్నల్‌తో కలిపి 64, గ్రేడు బి ప్లస్. వైవాలో సున్నా వేసినా 59, గ్రేడు బి. కెమిస్ట్రీ ల్యాబ్‌కు ఒక క్రెడిట్, సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు కనుక ఈ గ్రేడు తేడా ఆ సెమిస్టర్ గ్రేడు సగటు అయిన ఎస్‌జీపీఏలో 0.05 మాత్రమే. నోట మాట రాక వైవాతో పాటు రెండవ ప్రయోగమూ పోయినా మిగిలేది 27, అదీ 21 కంటే ఎక్కువే. ల్యాబ్ తప్పితే మాత్రం బ్యాక్‌లాగ్ అవుతుంది, క్యాంపస్ నియామకాలకు వచ్చే చాలా సంస్థలు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవారిని రాత పరీక్షకే పిలవవు. కనుక ఆమె కాపాడుకోవలసింది వైవా కంటే ముందు రైటప్, రీడింగులు, లెక్క.

రీవాల్యుయేషన్, రీకౌంటింగ్ థియరీ జవాబుపత్రాలకే వర్తిస్తాయి. ప్రయోగాన్ని, మాటను మళ్లీ దిద్దడానికి కాగితం ఉండదు. ఇద్దరు ఎగ్జామినర్ల సంతకాలతో మార్కుల జాబితా సాధారణంగా ఆ రోజే పరీక్షల విభాగానికి చేరిపోతుంది. పరికరం పనిచేయకపోవడం, సూచిక పాడై రంగు మారకపోవడం వంటి ఇబ్బంది ఏదైనా ఉంటే అప్పటికప్పుడు, పరీక్ష జరుగుతుండగానే ఇంటర్నల్ ఎగ్జామినర్‌కు చెప్పాలి. బయటికి వచ్చాక చెప్పినది ఎవరూ సరిచేయలేరు.

ఇదే ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచి అడిగేవారు ఒకటి గమనించాలి: అక్కడి జేఎన్‌టీయూ కాకినాడ, అనంతపురం ఆర్‌23 నిబంధనల్లో ల్యాబ్‌కు 30 ఇంటర్నల్, 70 ఎక్స్‌టర్నల్, లోపలి పంపకం కూడా వేరు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు సొంత రెగ్యులేషన్లు ఉంటాయి. మీ అమ్మాయి కళాశాలకు స్వయంప్రతిపత్తి ఉన్నదీ లేనిదీ పరీక్షల విభాగంలో రేపే కనుక్కోండి; ఉంటే ఈ అంకెలన్నీ వారి రెగ్యులేషన్ పుస్తకంతో సరిచూసుకోవాలి.