టంగ్‌స్టన్ ఉంగరం కొనే ముందు

చిన్నా,

పెళ్లికి టంగ్‌స్టన్ ఉంగరం, టైటానియం వాచీ చూసుకున్నావని మీ అమ్మ చెప్పింది. నీ సంపాదనతో నువ్వే కొనుక్కుంటున్నావని గర్వపడ్డాను. ఆ వెంటనే నా ఉంగరం వేలు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది.

టైటానియం వాచీ నిక్షేపంగా కొనుక్కో. స్టీలు బరువులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. గీతలు పడతాయి, పడనీ. సెరామిక్ మీద గీతలు పడటం అరుదు గానీ గచ్చు మీద పడితే పగలొచ్చు.

ఉంగరం సంగతి వేరు. టంగ్‌స్టన్ అని అమ్మేది నిజానికి టంగ్‌స్టన్ కార్బైడ్. ఆ పొడిని నికెల్ లాంటి లోహంతో కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో కాలుస్తారు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం 10 అయితే ఇది 9 దాకా ఉంటుంది, బంగారం 3 కూడా దాటదు. మెత్తన కాబట్టే బంగారాన్ని సాగదీయొచ్చు, కోసి ముక్క వేసి అతకొచ్చు. కార్బైడ్‌ని సాగదీస్తే పగులుతుంది, కోసి అతికి సైజు మార్చడం కుదరదు. సైజు తప్పితే కొత్తది తీసుకోవడమే.

ఇది తెలియకే నేను చలికాలం ఉదయాన, సన్నటి కొలత రింగుతో సైజు చూసుకుని, 8 మి.మీ. వెడల్పు ఉంగరం కొన్నాను. చలికి వేలు సన్నబడుతుంది, పైగా వెడల్పు పట్టీ ఎక్కువ బిగుస్తుంది. రెండేళ్లు అలాగే సర్దుకుపోయాను. ఒకరోజు తలుపు సందులో వేలు నలిగింది. ఉంగరం తియ్యకుండా, తగ్గుతుందిలే అని కూర్చున్నాను. గంటలో వేలు నల్లబడింది. సబ్బు రాసినా, దారం చుట్టినా రాలేదు. ఆసుపత్రిలో ఉంగరాలు కోసే చక్రం తిప్పితే దాని పళ్లే అరిగాయి, ఉంగరం మీద గీత పడలేదు. చివరికి ఒక పెద్దాయన లాకింగ్ ప్లయర్స్ తెచ్చాడు. ఉంగరాన్ని తాకేలా బిగించి, వదిలి, మర కొద్దిగా తిప్పి, మళ్లీ బిగించాడు. నాలుగోసారికి టప్పుమని ముక్కలైంది. ముక్కలు ఎగురుతాయని ముందే నా కళ్లకు గుడ్డ కట్టాడు. ఆ గంటసేపూ మీ అత్త నా రెండో చెయ్యి వదల్లేదు.

అందుకే చెబుతున్నా, సాయంత్రం వెళ్లు, నువ్వు కొనే వెడల్పు కొలత రింగుతోనే చూడు. కణుపు దగ్గర కాస్త పట్టి దాటాలి, కింద ఒత్తకూడదు. సైజు తప్పితే మార్చి ఇస్తారా అని కాగితం మీద రాయించుకో. దెబ్బ తగిలిన క్షణంలోనే, వాపు రాకముందే తీసెయ్. తీయలేకపోతే ఆసుపత్రిలో అది కార్బైడ్ అని ముందే చెప్పు, కోస్తూ కూర్చోరు. టైటానియం అయితే కష్టపడి అయినా కోయగలరు.

ఆ పిల్ల వేలు కొలత కూడా ఇలాగే చూడు. కొలత తీయించే రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ మామయ్య